పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, పాత పేపర్లు నావేనని చూపించడానికి నేను చేసిన పని

నేను ఒంగోలులో ఒక కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. పుట్టిల్లు కావలి. అసలు పేర్లు ఇక్కడ పెట్టడం ఇష్టం లేదు కాబట్టి పుట్టింటి ఇంటిపేరు చేజర్ల అనీ, అత్తింటి ఇంటిపేరు మోపూరు అనీ, నా పేరు సుజాత అనీ అనుకోండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నా.

పీహెచ్‌డీలో నా పని అల్లూరు, ఇస్కపల్లి వైపు రొయ్యల చెరువుల నీళ్లలో విబ్రియో బ్యాక్టీరియా మీద. ఆ పనిలోంచి పెళ్లికి ముందు నాలుగు పేపర్లు వచ్చాయి, పెళ్లయ్యాక 2020లో ఇంకొకటి. పెళ్లి తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు అన్నీ మోపూరు సుజాత అయిపోయాయి. ఉద్యోగంలో చేరేటప్పటికే ఆధార్ మారి ఉండటంతో అపాయింట్‌మెంట్ ఆర్డర్ కూడా కొత్త పేరు మీదే వచ్చింది. డిగ్రీలు మాత్రం పాత పేరు మీదే ఉన్నాయి, అవి అలాగే ఉంటాయి. పెళ్లయింది కదా అని పట్టా మీద పేరు మార్చం, అది పట్టా ఇచ్చిన రోజు ఉన్న పేరు అని మా యూనివర్సిటీలో ముందే చెప్పారు. ఆ మాట సబబే అనిపించింది నాకు.

అసలు సంగతి గైడ్‌షిప్‌కి, అంటే పీహెచ్‌డీ విద్యార్థులకి నేను గైడ్‌గా ఉండే అనుమతికి, అప్లై చేసినప్పుడు బయటపడింది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ గైడ్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి, దానితో పాటు పీర్ రివ్యూ ఉన్న జర్నల్స్‌లో కనీసం మూడు పేపర్లు ఉండాలి. ప్రొఫెసర్లకీ అసోసియేట్లకీ అయితే ఐదు. నాకు ఐదున్నాయి కదా అని ధీమాగా పంపా. ఫైలు తిరిగొచ్చింది. మోపూరు సుజాత పేరుతో ఒక్క పేపరే కనిపిస్తోంది, మిగతావి వేరే వాళ్లవి అని రాశారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, ఎందుకంటే నాలుగు పేపర్ల మీద నా పేరు నాలుగు రకాలుగా ఉంది. పెళ్లి వల్ల ఒక తేడా వచ్చిందనుకున్నాను గానీ పెళ్లికి ముందే నేను నలుగురిని.

ఇది మన తెలుగు పేర్లతో వచ్చే చిక్కు, కాస్త నిదానంగా చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. జర్నల్ సాఫ్ట్‌వేర్‌కి అదేం తెలుస్తుంది, చివర ఉన్నదాన్ని ఇంటిపేరుగా తీసుకుంటుంది. నా మొదటి పేపర్ మీద `Ch. Sujatha` అని ఉంది. చేజర్లకి మనం సి అని ఒక్క అక్షరం రాయం, సీహెచ్ అని రెండక్షరాలు రాస్తాం కదా. డేటాబేస్‌లో అది `Sujatha, Ch.` అయింది, అంటే సుజాత నా ఇంటిపేరు అయిపోయింది. రెండో పేపర్‌కి జర్నల్ వాళ్లు పేరు పూర్తిగా విడదీసి అడిగితే `Sujatha Chejerla` అని ఇచ్చాం, అది `Chejerla, S.` అయింది. మూడోది మా గైడ్ సార్ స్వయంగా సబ్మిట్ చేశారు, ఆయన అలవాటు ప్రకారం `C. Sujatha` అని కొట్టారు. నాలుగోది పట్టాలో ఉన్నట్టే `Chejerla Sujatha`. ఇది మళ్లీ సుజాత ఇంటిపేరైన లెక్కలోకే పోయింది. ఇవి చాలవన్నట్టు పదో తరగతి సర్టిఫికెట్‌లో స్పెల్లింగ్ `Chejarla`, జె తర్వాత ఇ బదులు ఎ. ఊళ్లో హైస్కూల్లో ఎవరు రాశారో, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. సుజాత ఇంటిపేరుగా పడ్డ చోట పెళ్లి వల్ల పెద్దగా ఏం పోలేదు, `Sujatha, Ch.` కాస్తా `Sujatha, M.` అవుతుంది అంతే. కానీ సుజాతలు ఎంతమంది! పరిశోధన పేపర్లని రచయితల వారీగా చూపించే స్కోపస్ అనే డేటాబేస్‌లో చూస్తే నా ఖాతాలో కెమిస్ట్రీ వాళ్లెవరిదో ఒక పేపర్ కూడా కలిసిపోయి ఉంది. నేను జన్మలో ముట్టుకోని పాలిమర్ల మీద.

తోటి లెక్చరర్లను అడిగితే తలా ఒక మాట చెప్పారు. ఒకామె గెజిట్‌లో వేయించు, అన్నీ అవే సర్దుకుంటాయి అంది. ఇంకొకాయన పాత పేపర్ల మీద పేరే మార్పించెయ్యమ్మా, ఇప్పుడు పబ్లిషర్లు మారుస్తున్నారట అన్నారు. మా ఆయనేమో "పాత పేరే ఉంచుకునుండాల్సింది మే, ఎవరు మార్చమన్నారు నిన్ను" అన్నాడు తీరిగ్గా, ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లిందే తను. నిజానికి పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో చట్టం ఏదీ లేదు. అది ఇప్పుడు చర్చించి లాభం లేదు గనక దాన్ని పక్కన పెట్టేశా.

గెజిట్ సంగతి ముందు కనుక్కున్నా. పేరు మార్పు ప్రకటన అంటే అఫిడవిట్, పేపర్ ప్రకటనలు, ఫీజు, ఎదురుచూపు. అదంతా చేసినా గెజిట్ చెప్పేది చేజర్ల సుజాత మోపూరు సుజాత అయింది అనే ఒక్క మాట. `C. Sujatha` ఎవరో, `Sujatha Chejerla` ఎవరో అది చెప్పదు. నా సమస్యలో సగం అక్కడే ఉంది. కాబట్టి అది నాకు అవసరం లేదనుకున్నా. అసలు పేరే మార్చుకునేవాళ్లకో, ఆఫీసు వాళ్లు గెజిట్ తప్ప ఏదీ ఒప్పుకోం అని రాతపూర్వకంగా చెప్పిన వాళ్లకో అది వేరే విషయం.

పాత పేపర్ల మీద పేరు మార్పించడం నిజంగానే కుదురుతుంది. 2020, 2021 ప్రాంతంలో చాలా పెద్ద పబ్లిషర్లు ఇందుకోసం పాలసీలు పెట్టారు. ముఖ్యంగా ట్రాన్స్ రచయితల కోసం మొదలైనా చాలా చోట్ల పెళ్లి, విడాకులు లాంటి కారణాలకీ వర్తిస్తుంది, దిద్దుబాటు నోటీసు లేకుండా నిశ్శబ్దంగా పీడీఎఫ్‌లోనూ వెబ్ పేజీలోనూ మారుస్తారు. నేను ఒద్దనుకోవడానికి కారణం ఏమిటంటే, ఆ పేపర్లు ఇప్పుడు నా పీహెచ్‌డీ పట్టాతోనూ, థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ సైట్లో ఉన్న థీసిస్‌తోనూ ఒకే ఇంటిపేరుతో సరిపోతున్నాయి. పేపర్ మీద మోపూరు అని పెడితే ఆ లంకె తెగుతుంది, అప్పుడు థీసిస్ ఒకరిది, అందులోంచి వచ్చిన పేపర్ ఇంకొకరిది అన్నట్టు ఉంటుంది. పైగా వేరేవాళ్లు వాళ్ల పేపర్లలో నన్ను ఉటంకించిన చోట పాత పేరే ఉండిపోతుంది, అవన్నీ ఏ ఒక్క పబ్లిషరూ మార్చలేడు. పాత పేరుతో ఎవరికీ కనపడకూడదు అనుకునే కారణం ఉన్నవాళ్లకి ఆ పాలసీ వరం. నాకు కావలసింది దానికి ఎదురు, పాత పేరుతో వెతికినవాళ్లు కూడా నా దగ్గరికే రావాలి.

కాబట్టి పేర్లు ఎక్కడున్నవి అక్కడే ఉంచి, వాటన్నిటినీ ఒక నంబరుకి కట్టేయాలి అనుకున్నా. ఆ నంబరు ఆర్కిడ్. పరిశోధన చేసేవాళ్లకి 2012 నుంచి ఉచితంగా ఇస్తున్న 16 స్థానాల నంబరు, నాలుగేసి చొప్పున విడదీసి ఉంటుంది, చివరిది ఒక్కోసారి అంకె కాకుండా ఎక్స్ కూడా ఉంటుంది, అది తప్పు ప్రింటేమో అనుకుని కొట్టేయకండి. పేరు మారినా, కాలేజీ మారినా, ఈమెయిల్ మారినా అది మారదు.

నాకు ఆర్కిడ్ ముందే ఉంది, నాలుగో పేపర్ సబ్మిట్ చేసేటప్పుడు జర్నల్ అడిగితే చేసుకున్నా. కానీ యూనివర్సిటీ ఈమెయిల్‌తో చేసుకున్నా, పీహెచ్‌డీ అయ్యాక ఆ ఈమెయిల్ మూసేశారు. చాలామంది ఇక్కడే కొత్త ఈమెయిల్‌తో ఇంకొకటి తెరిచేస్తారు. అలా చేయొద్దు, అప్పుడు పేర్ల గొడవకి నంబర్ల గొడవ కూడా తోడవుతుంది. నాలుగో పేపర్ పీడీఎఫ్ తెరిస్తే మొదటి పేజీలో నా పేరు పక్కన చిన్న ఆకుపచ్చ గుర్తు ఉంది, దాన్ని నొక్కితే నా నంబరు వచ్చింది. ఈమెయిల్ లేకపోయినా ఆ నంబరూ పాస్‌వర్డూ ఇచ్చి లోపలికి పోవచ్చు. పాస్‌వర్డ్ నా పాత డైరీలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే వాళ్ల సపోర్ట్‌కి రాయాల్సి వచ్చేది. లోపలికి పోగానే మొదట చేసిన పని సొంత జీమెయిల్ చేర్చి, వెరిఫై చేసి, దాన్నే ప్రధాన ఈమెయిల్‌గా పెట్టడం. ఇంకా చదువుకుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క పని ఈరోజే చేసుకోండి.

ఇప్పటికే రెండు నంబర్లు ఉన్నవాళ్లకి కూడా దారి ఉంది. మా కాలేజీలోనే కామర్స్ మేడం ఒకరికి అలా రెండున్నాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లో డూప్లికేట్ రికార్డు తీసేసే వీలుంది, ఉంచాల్సిన దాంట్లో లాగిన్ అయ్యి రెండో దాని వివరాలు ఇస్తే రెండోది మూతపడుతుంది. ఎవరైనా ఆ పాత నంబరు నొక్కినా ఉంచిన దాని దగ్గరికే తీసుకుపోతుంది కాబట్టి ప్రింటయిన పేపర్లలో పాత నంబరు ఉన్నా నష్టం లేదు. కాకపోతే మూసేసే దాంట్లో రాసుకున్న వివరాలు ఇందులోకి వాటంతట అవి రావు, ముందే చూసి ఇందులో ఎక్కించుకోవాలి.

ఆర్కిడ్‌లో పేర్ల భాగం తెరిస్తే `Given names`, `Family name` అని రెండు గడులు, `Published name` అని ఒకటి, కింద `Also known as` అని ఎన్ని కావాలంటే అన్ని పేర్లు చేర్చుకునే చోటు ఉంటాయి. పైన కనిపించే పేరుగా `Sujatha Mopuru` పెట్టా. కింద పేపర్ల మీద ఉన్న నాలుగు రూపాలూ, పదో తరగతి స్పెల్లింగూ, చుక్కలతో సహా ఉన్నవి ఉన్నట్టు చేర్చా. చుక్క ఉంటే ఏమి, లేకపోతే ఏమి అనిపిస్తుంది గానీ ఫైలు చూసే గుమాస్తా అక్షరం అక్షరం పోల్చుకుంటాడు, ఆయన కోసం అది. ఇంకో విషయం, ప్రతి పేరు పక్కనా అది ఎవరికి కనపడాలో పెట్టుకునే గుర్తు ఉంటుంది. అందరికీ అని పెట్టకపోతే మీకు మాత్రమే కనపడి లాభం ఉండదు. పాత పేరు బయటపడటం ఇష్టం లేని వాళ్లు, ముఖ్యంగా విడాకుల తర్వాత మళ్లీ పేరు మార్చుకున్న వాళ్లు, దాన్నే వాడుకుని ఆ పేరు ఒక్కటీ తమకే ఉంచుకోవచ్చు.

ఇక పేపర్లు ఎక్కించడం. ఇక్కడ వరుస ముఖ్యం. ఆర్కిడ్‌లోంచి స్కోపస్‌కి లంకె వేసే సౌకర్యం ఉంది, కానీ అప్పటికి స్కోపస్‌లో నాకు మూడు ఖాతాలు ఉన్నాయి. మొదటి పేపరూ నాలుగో పేపరూ `Sujatha, Ch.` కింద, రెండోది `Chejerla, S.` కింద, 2020 పేపర్ `Mopuru, S.` కింద. ఇవి మనం తెరిచేవి కావు, పేరు, కాలేజీ, సబ్జెక్టు చూసి కంప్యూటర్ తనంతట తాను చేసేవి. మూడో పేపర్ చిన్న జర్నల్‌ది, స్కోపస్‌లో లేనే లేదు. ముందే ఆర్కిడ్‌కి కలిపితే మూడు నంబర్లూ అక్కడికి వచ్చి కూర్చుంటాయి. అందుకని ముందు స్కోపస్ సర్దుకుని తర్వాత కలిపా.

స్కోపస్‌కి మా కాలేజీలో చందా లేదు. అయినా రచయితల వెతుకులాట, `Author Feedback Wizard` అనేవి డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. అందులో పుట్టింటి పేరుతోనూ అత్తింటి పేరుతోనూ సుజాత ఇంటిపేరైనట్టు కూడా వెతికి, నావి అన్నవన్నీ టిక్ పెట్టి ఒకేసారి కలపమని అడగాలి. తర్వాత పేపర్ల జాబితా చూపించి ఒక్కొక్కటీ నీదేనా అని అడుగుతుంది. ఆ పాలిమర్ పేపర్‌ని అక్కడ తీసేశా. తీయకుండా కలిపేస్తే అది నా పేరు మీద స్థిరపడిపోయేది, రేపు ఎవరైనా అడిగితే అన్ని పేపర్ల మీదా అనుమానం వస్తుంది. ఏ పేరు పైన చూపించాలో కూడా అడుగుతుంది, కానీ పేపర్ల మీద వచ్చిన రూపాల్లోంచే ఎంచుకోవాలి, మనిష్టం వచ్చింది రాయడానికి ఉండదు. 2020 పేపర్ ఉండబట్టి `Mopuru` ఎంచుకోగలిగా. కొత్త పేరుతో ఇంకా ఏ పేపరూ రాని వాళ్లు ఆ మొదటి పేపర్ వచ్చే దాకా పాత పేరుతోనే ఉండాలి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పంపాక కొన్ని వారాలు పట్టింది. మెయిల్ వచ్చాక చూస్తే నాలుగు పేపర్లూ ఒకే ఖాతాలో ఉన్నాయి.

అప్పుడు ఆర్కిడ్‌లో పనుల భాగంలో `Search & link` నొక్కి స్కోపస్‌తో కలిపా, నాలుగూ వచ్చేశాయి. ఇలా వచ్చిన వాటికీ మనం చేత్తో టైప్ చేసిన వాటికీ తేడా ఉంది. ప్రతి పేపర్ కిందా అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపిస్తుంది. స్కోపస్ నుంచో, పేపర్లకి డీఓఐ అనే శాశ్వత నంబర్లు నమోదు చేసే క్రాస్‌రెఫ్ నుంచో వస్తే ఆ పేరు ఉంటుంది, మనం కొడితే మన పేరే ఉంటుంది. చూసే కమిటీకి మొదటిది నమ్మకం, రెండోది ఈమె మాట, అంతే. మూడో పేపర్‌కి డీఓఐ నంబరు లేదు, ఆ జర్నల్ వెబ్‌సైట్ కూడా ఎప్పుడో పోయింది. దాన్ని చేత్తో ఎక్కించి ఊరుకున్నా. ప్రింటు సంచిక కవర్ పేజీ, విషయసూచిక, నా పేపర్ మొదటి పేజీ స్కాన్ చేసి ఫైల్లో పెట్టా గానీ దాని మీద ఆశ పెట్టుకోలేదు.

గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ సవరించే చోట ఇతర పేర్లు రాసుకునే గడి ఉంది, అందులో పాత పేరు పెడితే ఎవరైనా ఆ పేరుతో వెతికినా ప్రొఫైల్ దొరుకుతుంది. ఏవి ఎక్కడ పడి ఉన్నాయో చూసుకోవడానికి నేను ఇలా వెతికా:

```
author:"ch sujatha" vibrio
author:"s chejerla" vibrio
author:"s mopuru" vibrio
```

చివర సబ్జెక్టు మాట పెట్టకపోతే సుజాతల జాతర కనిపిస్తుంది, పెడితే నావి మాత్రమే మిగిలాయి. పరిశోధకుల వివరాలు ఉండే విద్వాన్ సైట్లో నా ప్రొఫైల్లో ఆర్కిడ్, స్కోపస్ నంబర్లు పెట్టే గడులు ఉన్నాయి, అవి నింపేశా.

కంప్యూటర్లో ఇదంతా అయ్యింది గానీ కాగితం లేకపోతే మన దగ్గర ఫైలు కదలదు. ఇంటిపేరు మార్పుకి ఆధారం మ్యారేజ్ సర్టిఫికెట్ అని అందరం అనుకుంటాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్నది ఒకసారి తీసి చదవండి. నా దాంట్లో పెళ్లికూతురు చేజర్ల సుజాత, పెళ్లికొడుకు మోపూరు ఫలానా అని ఉంది. పెళ్లయ్యాక ఈమె మోపూరు సుజాత అవుతుందని అందులో ఎక్కడా లేదు. పట్టాలో పాత పేరు, ఆధార్‌లో కొత్త పేరు, మధ్యలో సర్టిఫికెట్. రెండు ఒడ్లనీ తాకుతుంది గానీ నడుమ ఒక పలక లేదు. ఆ పలకే అఫిడవిట్.

ఒంగోలు కోర్టు దగ్గర నోటరీ దగ్గరికి పోతే టైపు చేసే అతను వివరాలు సగం వినేసరికే తన దగ్గరున్న నమూనా తీశాడు. అందులో ఏముందంటే, నేను చేజర్ల సుజాత అనే పేరును వదులుకుని ఇకపై అన్ని వ్యవహారాల్లోనూ మోపూరు సుజాతగానే పిలవబడతాను అని. చదివి ఆగిపోయా. పాత పేరు వదులుకున్నానని నేనే సంతకం పెడితే రేపు పాత పేరు మీదున్న పేపర్లు నావేనని ఎలా అడుగుతాను. పైగా అది గెజిట్‌కి పోయేవాళ్ల నమూనా. నాకు కావలసింది ఈ పేర్లన్నీ ఒక్క మనిషివే అని చెప్పేది. "ఏంది మేడం, ఒక మనిషికి ఇన్ని పేర్లు యాడివి" అని నవ్వాడు గానీ, నేను రాసుకుపోయిన కాగితం చూసి కొట్టి ఇచ్చాడు.

అందులో పెట్టించినవి ఇవీ. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరు ఇలా ఉంది, ఏ సంవత్సరం, హాల్ టికెట్ నంబరు ఏది. పీజీ, పీహెచ్‌డీ పట్టాల్లో ఇలా ఉంది. ఆధార్, పాన్, అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఇలా ఉంది. పెళ్లి ఫలానా తేదీన జరిగింది, మ్యారేజ్ సర్టిఫికెట్ నంబరు ఇది, దాని వల్ల ఇంటిపేరు మారింది. పేపర్ల మీద నా పేరు ఈ నాలుగు రూపాల్లో అచ్చయింది, ఒక్కొక్క దానికీ పేపర్ శీర్షిక, సంవత్సరం, ఉన్నవాటికి డీఓఐ. ఈ పేర్లన్నీ నన్నే సూచిస్తాయి, ఇవన్నీ నా ఆర్కిడ్ నంబరు కింద ఉన్నాయి, నంబరు ఇది. మామూలుగా ఇలాంటి అఫిడవిట్లలో సర్టిఫికెట్ల పేర్లే రాస్తారు, పేపర్ల మీది పేర్లు రాయరు. అది రాయించకపోతే నా ఫైలు మళ్లీ అక్కడే ఆగేది.

దానికి తోడుగా మా గైడ్ సార్‌ని ఒక ఉత్తరం అడిగా. ఆయన రిటైర్ అయ్యారు, నెల్లూరులో ఉంటున్నారు. పోగానే "ఏమ్మా, నా వల్లే కదా ఆ సి సుజాత అయింది" అని తనే అన్నారు. ఫలానా నాలుగు పేపర్లలో రచయితగా ఉన్నది నా విద్యార్థిని చేజర్ల సుజాతే, ఇప్పుడు మోపూరు సుజాతగా ఫలానా కాలేజీలో పనిచేస్తోంది అని సంతకం చేసి ఇచ్చారు. నాలుగింటిలోనూ ఆయన కూడా రచయిత కాబట్టి ఆ ఉత్తరానికి విలువ ఉంది. ఊరికే తెలిసినవాళ్ల దగ్గర ఇలాంటివి తీసుకుంటే పనికిరాదు.

ఫైలు మళ్లీ పంపేటప్పుడు పైన ఒక పేజీ పెట్టా, పట్టిక లాగా. ఎడమ వైపు పత్రం లేదా పేపర్, మధ్యలో దాని మీదున్న పేరు ఉన్నది ఉన్నట్టు, కుడి వైపు అది నాదే అనడానికి ఆధారం ఎన్నో పేజీలో ఉందో. ఆ పేజీ వల్లే పని తేలికయిందని నా అభిప్రాయం, ఎందుకంటే సెక్షన్‌లో మేడం మిగతా కట్ట తిప్పను కూడా తిప్పలేదు, పట్టిక చూస్తూ ఆర్కిడ్ పేజీ తన కంప్యూటర్లో తెరిచి ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంది. నాలుగు ఒప్పుకున్నారు. మూడో పేపర్ పీర్ రివ్యూ జర్నల్‌దే అని నిర్ధారించుకునే వీలు లేదని కొట్టేశారు. మూడు చాలు కాబట్టి గైడ్‌షిప్ వచ్చింది, దాని కోసం నేనూ వాదించలేదు.

బయోలో ఏం రాయాలి అనేది చివరికి మిగిలింది. కాలేజీ వెబ్‌సైట్‌లో నా బయో కింద ఉన్నట్టు మార్పించా, సెమినార్లకీ ఇదే పంపుతున్నా. నంబరు స్థానంలో ఇక్కడ సున్నాలు పెట్టా.

```
Dr. Sujatha Mopuru, Assistant Professor of Microbiology.
Publications up to 2016 appear as Ch. Sujatha,
C. Sujatha, Chejerla Sujatha and Sujatha Chejerla.
https://orcid.org/0000-0000-0000-0000
```

పెళ్లి అనే మాట అందులో లేదు, కావాలనే. ఎందుకు మారిందో చదివేవాళ్లకి అనవసరం, ఎప్పటి దాకా ఏ పేరో తెలిస్తే చాలు. ఆ సంవత్సరం ఉండటం మాత్రం ముఖ్యం, అది చూసి 2016 తర్వాత వచ్చిన ఏ `C. Sujatha` పేపరూ నాది కాదని కూడా తెలుస్తుంది.

ఇంటిపేరు మారబోతున్న మా స్టూడెంట్స్ అడుగుతుంటారు, పేపర్ల మీద ఏ పేరు పెట్టాలి మేడం అని. ఆధార్‌లో ఏమున్నా పేపర్ల మీద పాత పేరే కొనసాగించొచ్చు, జర్నల్ ఆధార్ అడగదు, మా కాలేజీలోనే సీనియర్ మేడం ఒకరు రిటైర్ అయ్యే దాకా పుట్టింటి పేరుతోనే రాశారు. పీహెచ్‌డీ మధ్యలో ఉంటే మాత్రం థీసిస్ ఇచ్చే దాకా పేపర్ల మీద పేరు కదిలించొద్దనే నేను చెప్తా. నేను 2020 పేపర్‌కే మోపూరు పెట్టేశా కాబట్టి దాంతోనే పోతున్నా. సబ్మిషన్ ఫారంలో మొదటి గడిలో `Sujatha`, ఇంటిపేరు గడిలో `Mopuru`, ఇనిషియల్ ఏమీ లేదు, వరుస ఎప్పుడూ ఇదే. తోటి రచయితలు సబ్మిట్ చేస్తున్నా ఈ రెండు గడులూ ఆర్కిడ్ నంబరూ వాట్సాప్‌లో ముందే పంపేస్తా, ప్రూఫ్ వచ్చినప్పుడు మళ్లీ చూస్తా. నంబరు ఇచ్చి సబ్మిట్ చేసిన పేపర్ అచ్చవగానే క్రాస్‌రెఫ్ నుంచి ఆర్కిడ్‌కి చేర్చమంటావా అని మెయిల్ వస్తుంది, ఒకసారి అనుమతి ఇస్తే ఆ తర్వాతవి వాటంతట అవే వచ్చి చేరతాయి. పోయిన నెల వచ్చిన పేపర్ అలాగే చేరింది. మా గైడ్ సార్‌కి లింకు పంపితే, ఇనిషియల్ ఎక్కడమ్మా అని అడిగారు.